తొమ్మిదో ఆజ్ఞ చెప్పిన ఆదివారం

కుర్ర పాస్టర్లు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. "అయ్యగారూ, పదాజ్ఞల మీద వారానికొకటి చొప్పున చెప్దామనుకుంటున్నా. మీ నోట్సు ఏమన్నా ఉంటే పంపండి" అంటారు. నేను పంపను. నోట్సుదేముంది, నాలుగు పుస్తకాలు తిరగేస్తే ఎవరైనా రాస్తారు. నేను ఆ పది వారాలు చెప్పినప్పుడు ఏం జరిగిందో చెప్తాను, వినండి అంటే మాత్రం చాలామందికి తీరిక దొరకదు. రిటైరయ్యాక నాకున్నదల్లా తీరికే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. అందులో కొందరు ఇంకా అదే చర్చికి వస్తున్నారు, కొందరు రావడం మానేశారు. ఇద్దరికీ మేలు చేసినవాణ్ణవుతాను.

నన్ను జగ్గయ్యపేట సంఘానికి మార్చిన కొత్త అది. పొద్దున పేటలో ఆరాధన, మధ్యాహ్నం భోజనం కాగానే బండి మీద నందిగామ వెళ్ళి, అక్కడ ఒకరి డాబా మీద కూడుకునే చిన్న సంఘానికి అదే వాక్యం మళ్ళీ చెప్పడం. కొత్తగా వచ్చిన పాస్టరుకి సంఘం ఒక ఏడాది పాటు పరీక్ష పెడుతుంది. గొంతు ఎలా ఉంది, వాక్యం ఎంతసేపు చెప్తాడు, ఎవరింట్లో భోంచేస్తాడు, ఎవరింట్లో చెయ్యడు. ఆ పరీక్ష నెగ్గుదామనే దురాశతోనే నేను పదాజ్ఞలు ఎత్తుకున్నాను. "ఆజ్ఞ వెనక ప్రేమ" అని పేరు పెట్టాను. మా సంఘ పెద్ద వెంటనే ఫ్లెక్సీ వేయించి గేటుకి కట్టించాడు. అందులో మోషే చేతిలో రాతిపలకల కంటే నా మొహం పెద్దది. రెండో ఆజ్ఞ విగ్రహాల గురించి. ఆ వారం నేను మొట్టమొదట చేసిన పని ఆ ఫ్లెక్సీ దింపించడం.

ఆ సంఘ పెద్ద గురించి ముందే చెప్పాలి. ఎరువుల కొట్టు ఆయనది. చెడ్డవాడని రాస్తే నా చెయ్యి పడిపోతుంది. నా భార్యకి ఆపరేషన్ అయినప్పుడు విజయవాడలో ఆస్పత్రి చుట్టూ నాకంటే ఎక్కువ తిరిగినవాడు. సంఘంలో ఎవరి పిల్లకి జ్వరం వచ్చినా, ఎవరి మొగుడు తాగి కొట్టినా, పోలీస్ స్టేషన్ దాకా పోనివ్వకుండా తనే సర్దేవాడు. "మన గొడవలు అన్యులకెందుకండీ" అనేది ఆయన మాట. సర్దడమే ప్రేమ అని ఆయన నమ్మకం. అప్పట్లో నాదీ అదే నమ్మకం.

నేను ఆ ప్రసంగాలు తయారుచేసుకున్న పద్ధతి ఇది. ఏ ఆజ్ఞ తీసుకున్నా నాలుగు ప్రశ్నలు వేసుకునేవాణ్ణి. ఇది దేన్ని కాపాడుతోంది? దీన్ని మీరితే ముందుగా నష్టపోయేదెవరు? ఆ నష్టపోయేవాణ్ణి దేవుడు ఎంత ప్రేమిస్తే ఇంత గట్టిగా వద్దన్నాడు? దీన్ని సంపూర్ణంగా నెరవేర్చిన క్రీస్తు మనకేం చేశాడు? అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పాలి. చాలామంది మర్చిపోయేది అదే. పది ఆజ్ఞలు "చెయ్యొద్దు" అని మొదలవ్వవు. దాసుల ఇంట్లోంచి మిమ్మల్ని బయటికి తెచ్చినవాణ్ణి నేను అని మొదలవుతాయి. ముందు విడిపించాడు, ఆ తర్వాతే ఆజ్ఞ ఇచ్చాడు. ఆజ్ఞ పాటిస్తే విడిపిస్తానని బేరం పెట్టలేదు. ఇది మొదటి వారమే చెప్పాను. జనం తలలూపారు. మా వాళ్ళు తలూపడంలో ఎప్పుడూ లోపం చెయ్యరు.

మూడు వారాలు బాగానే నడిచాయి. మూడో ఆజ్ఞకి, దేవుడి నామాన్ని వ్యర్థంగా వాడకూడదన్నదానికి, యేసు నామంలో అప్పు తీసుకుని యేసు నామంలో ఎగ్గొట్టేవాళ్ళ గురించి చెప్తే అందరూ నవ్వారు. ఎవరి పక్కవాణ్ణి వాళ్ళు చూసి నవ్వారు.

నాలుగోది విశ్రాంతి దినం. మన దేశంలో దాన్ని "ఆదివారం చర్చికి డుమ్మా కొట్టొద్దు" అని చెప్పి ఊరుకుంటారు. నేను అలా చెప్పలేదు. ఆ ఆజ్ఞలో ఇంటి యజమాని ఒక్కడే లేడు, దాసుడున్నాడు, దాసి ఉంది, ఎద్దుంది, గాడిద ఉంది, ఊరికి కొత్తగా వచ్చిన పరదేశి ఉన్నాడు. ద్వితీయోపదేశకాండంలో దానికి కారణం కూడా చెప్పాడు: నువ్వూ ఒకప్పుడు దాసుడివేనని గుర్తుంచుకో. నిద్రలేని పని ఎలా ఉంటుందో తెలిసినవాడే పక్కవాడికి నిద్ర ఇవ్వగలడు. పనివాడి ఒంటిని దేవుడు అంత ప్రేమించాడు అని చెప్పాను.

ఆరోజు ఆరాధన అయ్యాక ఒక మనిషి ఆగాడు. ముప్ఫై దాటి ఉంటాయి. ఎప్పుడూ తలుపు పక్కనే కూర్చుంటాడు. నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారం ఇచ్చే వేళకి లేచి బయటికి పోతాడు. ఇలాంటివాళ్ళు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరుంటారు, నేను పెద్దగా పట్టించుకోలేదు. టిప్పర్ నడిపేవాడట, ఇప్పుడు మానేసి సిమెంటు బస్తాలు దించే పనికి పోతున్నాడట.

"అయ్యగారూ, నిద్ర లేకుండా పని చేసినోడిదా అండి పాపం, చేయించినోడిదా?" అన్నాడు.

"ఇద్దరిదీ ఉంటుంది. ఏం, ఎందుకు?"

"ఊరికేనే అండి" అని వెళ్ళిపోయాడు.

అయిదో వారం తల్లిదండ్రుల గురించి. ఆరో వారం నరహత్య. కొన్ని సంఘాల లెక్కలో ఇది అయిదోది, లెక్క తేడా గురించి నందిగామలో ఒక పెద్దమనిషి నాతో గంటసేపు వాదించాడు. నరహత్య అనగానే మనం కత్తి పట్టుకున్నవాణ్ణి ఊహించుకుని, అది మన గురించి కాదులే అని నిశ్చింతగా కూర్చుంటాం. అందుకని నేను ఆశ్రయ పురాల సంగతి తీసుకున్నాను. అడవిలో ఇద్దరు కట్టెలు కొడుతుంటారు. ఒకడి గొడ్డలి పిడి నుంచి ఊడి పక్కవాడికి తగిలి వాడు చచ్చిపోతాడు. పగ లేదు, కావాలని చెయ్యలేదు. అలాంటివాడి కోసం ధర్మశాస్త్రం యొర్దానుకి ఇవతల మూడు, అవతల మూడు ఊళ్ళు ప్రత్యేకించింది. వాటికి దారులు సిద్ధం చేసి ఉంచమంది. చంపబడినవాడి బంధువు కోపంతో తరిమేలోపు వాడు పరిగెత్తి అక్కడికి చేరుకోవాలి. చనిపోయినవాణ్ణి ప్రేమించే ఆజ్ఞే చంపినవాణ్ణీ ప్రేమించింది. కానీ ఊళ్ళోకి ఊరికే రానివ్వరు. ఆ ఊరి గుమ్మం దగ్గర నిలబడి, అక్కడి పెద్దలు వింటుండగా, జరిగింది తన నోటితో తాను చెప్పుకోవాలి. చెప్పాకే చోటు. ఆ తర్వాత కూడా ప్రధాన యాజకుడు చనిపోయేదాకా ఇంటికి పోకూడదు. తెలియక చేసినా ప్రాణం ప్రాణమే, దానికి బరువుంటుంది.

మంగళవారం ఆ తలుపు పక్కన కూర్చునే మనిషి మా ఇంటికొచ్చాడు. నా భార్య మంచినీళ్ళిచ్చి లోపలికి పోయింది. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

రెండేళ్ళ కిందట జరిగిందట. రెండు రాత్రులు, మధ్యలో పగలు కూడా కంకర తోలాడు. మారే డ్రైవరు రాకపోతే ఓనరు ఇంకొక్క ట్రిప్పు అన్నాడు. తెల్లవారాక కీసర దగ్గర హైవే పక్కన పంక్చర్ షాపు తెరుస్తున్న మనిషి మీదికి టిప్పర్ పోయింది. "కళ్ళు మూసుకున్నట్టు కూడా నాకు తెలవదండి" అన్నాడు. దిగి చూశాడు. ఆ మనిషి భార్య టీ ఫ్లాస్కుతో అక్కడే ఉంది. ఇతనే ఆ మనిషి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె చేతిలోంచి నీళ్ళు తీసుకుని పోశాడు. ఒక్క గుటక కూడా దిగలేదు. జనం వస్తున్నారని భయపడి పొలాలకి అడ్డంపడి పారిపోయాడు.

ఇతనికి పెద్ద బండి నడిపే లైసెన్సు లేదు. లైసెన్సు లేనివాడు నడిపాడంటే ఇన్సూరెన్సు పేచీ పెడుతుంది, ఓనరు మెడకి చుట్టుకుంటుంది. ఇతని అన్నకి లైసెన్సుంది, పెళ్ళి కాలేదు. ఆ సాయంత్రం అన్న స్టేషన్‌కి వెళ్ళి, బండి నేనే నడిపానని లొంగిపోయాడు. బెయిలు అప్పుడే ఇచ్చారు. కేసు నడుస్తోంది.

"ఎవరు సర్దారు ఇదంతా?" అన్నాను.

అతను తల దించుకున్నాడు. నాకు అర్థమైంది. మా సంఘంలో సర్దేవాడు ఒక్కడే.

ఇలాంటి మాట పాస్టరు చెవిలో పడితే అది అక్కడితో ఆగిపోవాలి. విన్నది పోలీసుకి చెప్పడానికి నాకు హక్కు లేదు, వేదిక మీదనుంచి చూచాయగా కూడా విసరకూడదు. ఆ మాట ఒక్కసారి బయటికి పోతే ఇక ఎవరూ మన గడప తొక్కరు. "నువ్వే వెళ్ళి చెప్పు, నేను వెంట వస్తా" అన్నాను. "అన్న ఒప్పుకోడండి" అని ఏడ్చాడు. అతనిలాగే అన్నా నా సంఘ సభ్యుడే. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని డోలక్ వాయిస్తాడు. ఎప్పుడూ సంతోషంగా ఉండే మనిషి.

ఎనిమిదో వారం దొంగతనం గురించి చెప్పి దిగాక సంఘ పెద్ద అన్నాడు: "అయ్యగారూ, నందిగామలో ఒక ముస్లిం అమ్మాయి ఉంది, భర్త పోయాడు. ఒకసారి పరామర్శించి ప్రార్థన చేద్దాం రండి. మీరొస్తే బాగుంటుంది." నేను బండెక్కాను. ఎవరి ఇల్లో దారి సగం పోయాక గానీ నాకు తట్టలేదు.

మసీదు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ఆమె మాకు కుర్చీలు వేసి, తను గడప మీద కూర్చుంది. ఇంట్లోనే బట్టలు కుట్టుకుని బతుకుతోంది. సంఘ పెద్ద కబుర్లు అయ్యాక అసలు విషయం తీశాడు.

"ఈ మంగళవారం కాక వచ్చే మంగళవారం నీ సాక్ష్యం ఉందిగా అమ్మా. బోనులో ఉన్నాయన్ని చూపించి ఈయనేనా అంటారు. అవునను. అంతే. ఆయనే ఒప్పుకున్నాక నీకేంటి బాధ? శిక్ష ఆయనకి పడుద్ది, నష్టపరిహారం నీకొస్తది. కాదన్నావనుకో, కేసు పోద్ది, నీకూ ఏం రాదు."

"ఆయన కాదండి" అంది ఆమె.

"అప్పుడు నువ్వు కంగారులో ఉన్నావమ్మా. సరిగ్గా చూసుండవు."

"నా మొగుడు చచ్చిపోతంటే ఆయన తల పట్టుకుంది ఎవరో నేను చూడలేదంటారా? కుర్రోడండి. గడ్డం కింద పుట్టుమచ్చ ఉంది. రెండేళ్ళ నుంచి ఇదే చెప్తన్నా. పోలీసోళ్ళు నవ్వారు. మా మరిదేమో డబ్బు రాకుండా చేస్తన్నానని తిడతన్నాడు. ఈ సందులో నన్ను అబద్ధాలకోరనే అంటారండి." అప్పుడు నా వైపు తిరిగింది. "పాస్టరుగారూ, మీరు దేవుడి మాటలు చెప్పేవోరు. మీరు చెప్పండి. ఆయనేనని చెప్పమంటారా?"

గడ్డం కింద పుట్టుమచ్చ నేను చూశాను. ఆ మంగళవారం మా ఇంట్లో నా ఎదురుగా గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడు చూశాను. "నువ్వు చూసిందే చెప్పమ్మా" అన్నాను. అంతకుమించి ఒక్క మాట కూడా చెప్పే స్వేచ్ఛ నాకు లేదు.

సంఘ పెద్ద నన్ను ఎక్కించుకుని నందిగామ దాటాడు. అనాసాగరం దగ్గర బండి ఆపాడు. కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది ఆయన మొహంలో.

"మీరే కదా అయ్యగారూ ఇన్ని వారాలు చెప్పింది, ఆజ్ఞ వెనక ప్రేమ ఉందని. తమ్ముడి కోసం అన్న శిక్ష మీదేసుకున్నాడు. ఇంతకంటే ప్రేమ ఏం ఉందండి? తప్పు చేసినోడి బదులు చెయ్యనోడు పోయాడు. యేసయ్య చేసింది అదే కదా. దాన్ని మీరు చెడగొడతారా?"

నా భాషే, నేను నేర్పిన మాటలే. ముప్ఫై ఏళ్ళు ప్రతి శుక్రవారం, ప్రతి ఆదివారం ఆ సిలువ కథ చెప్పి చెప్పి వీళ్ళ ఒంట్లో ఇంకించాం. వేరే ఊరివాళ్ళయితే దీన్ని డ్రైవర్ని మార్చడం అంటారు. ఓనరూ, లాయరూ, స్టేషనూ అందరూ అదే అంటారు. మావాళ్ళు మాత్రం దీన్ని సిలువ అనుకున్నారు. అన్న డోలక్ అంత సంతోషంగా ఎందుకు వాయిస్తున్నాడో నాకు అప్పుడు తెలిసింది. అతను తనని తాను రక్షకుడనుకుంటున్నాడు.

ఆ వారమంతా తొమ్మిదో ఆజ్ఞ నన్ను నిద్రపోనివ్వలేదు. దాన్ని మార్చలేను, ఎనిమిది తర్వాత తొమ్మిదే వస్తుంది. గేటు మీద ఫ్లెక్సీ వేసినప్పుడే వరస ఊరందరికీ తెలిసిపోయింది. శుక్రవారం సంఘ పెద్ద కబురు పెట్టాడు, ఈ వారం వేరే వాక్యం చెప్పమని, కావాలంటే పదోది ముందు చెప్పమని. నా భార్య చెట్నీకి పచ్చిమిరపకాయలు వేయిస్తూ అంది: "చెప్పకపోతే ఎందుకు చెప్పలేదా అని చూస్తారు. చెప్తే ఎవరి గురించి చెప్పాడా అని చూస్తారు. ఎటూ చూస్తారు. ఉన్నది చెప్పి రండి."

చెప్పాను. ఎవరి వైపూ చూడకుండా, ఎదురు గోడ మీది గడియారాన్ని చూస్తూ చెప్పాను. ఈ ఆజ్ఞ ఊరికే "అబద్ధమాడొద్దు" అని లేదు. నీ పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకొద్దు అని ఉంది. ఇది న్యాయస్థానంలో నిలబడ్డ ఆజ్ఞ. ఆ కాలంలో ఇద్దరు ముగ్గురు సాక్షుల నోటి మాట మీద మనిషి ప్రాణం పోయేది. అందుకే అబద్ధ సాక్షి దొరికితే, పక్కవాడికి ఏం చెయ్యాలనుకున్నాడో అదే వాడికి చెయ్యమంది ధర్మశాస్త్రం. ప్రతి అబద్ధ సాక్ష్యం ఎవరో ఒకరి మీద పడుతుంది. ఇది ఎవరికీ కీడు చెయ్యదు, అందరికీ మంచిదే అనుకుంటాం. నిజం చూసినవాళ్ళు ఒకరుంటారు. మన అబద్ధం నిలబడాలంటే వాళ్ళు అబద్ధికులు కావాలి. అన్నీ పోయినవాళ్ళకి మిగిలేది తాము కళ్ళతో చూసిందొక్కటే. దాన్ని కూడా లాక్కోవద్దని దేవుడు ఈ ఆజ్ఞ ఇచ్చాడు. ఈ ఆజ్ఞ వెనక ఉన్న ప్రేమ ముందుగా వాళ్ళ కోసం.

అప్పుడు సిలువ గురించి చెప్పాను. యేసు మన శిక్ష మోశాడు, నిజమే. ఆ నేరం నేనే చేశానని మాత్రం ఎక్కడా చెప్పలేదు. మన పాపం మనదేనని చెప్పి మరీ మోశాడు. ఆయన మీద ఆ రాత్రి సభలో అబద్ధ సాక్షుల్ని నిలబెట్టారు. అబద్ధ సాక్ష్యానికి బలైనవాడి పేరు చెప్పుకుని మనం అబద్ధ సాక్ష్యం పలికితే, మనం ఆయన పక్కన నిలబడినట్టు కాదు, ఆ సాక్షుల పక్కన నిలబడినట్టు.

ప్రార్థనకి ముందుకు రమ్మని పిలవడం మా అలవాటు. ఆరోజు ఎవరూ రాలేదు. డోలక్ కూడా మోగలేదు. మధ్యాహ్నం నందిగామలో అదే వాక్యం చెప్తుంటే వెనక మెట్ల మీద తమ్ముడు నిలబడి ఉన్నాడు. రెండోసారి వినడానికి పేట నుంచి వచ్చాడు. అయ్యాక నా దగ్గరికొచ్చి, "మంగళవారం కోర్టులో చెప్పేస్తానండి" అన్నాడు.

సోమవారం సాయంత్రం అన్న మా ఇంటికొచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. "వాణ్ణి ఆపండి అయ్యగారూ. వాడు చెప్తే, నేను రెండేళ్ళు కోర్టుని మోసం చేసినట్టేగా. ఇద్దరం లోపలికి పోతాం. మా అమ్మకి ఎవరండి దిక్కు? నేను వాడి కోసం చేసిందంతా ఏం కావాలి?" వెనకే తమ్ముడు నిలబడి ఉన్నాడు, నేలకేసి చూస్తూ. అన్నని జైలుకి పంపి తను నిజాయితీపరుడు కావడానికి అతనికి నోరు రాలేదు. నేను ఆపలేదు, తొయ్యనూ లేదు. ఎదురుగా ఇద్దరు మనుషులు ఏడుస్తుంటే ప్రసంగంలో ఉన్నంత ధైర్యం ఉండదు నాయనా. మీకూ ఉండదు, చూసుకోండి.

మంగళవారం సంఘ పెద్ద తమ్ముణ్ణి పేట దాటనివ్వలేదు. నేను కోర్టుకి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. బోనులో అన్న. ఆమెని అడిగారు. ఆమె బోను దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసింది.

"ఈయన కాదండి" అంది.

సర్కారు వకీలు తన సాక్షే అడ్డం తిరిగిందని చెప్పి, డబ్బు తీసుకుని మాట మార్చావా అని ఆమెనే గద్దించాడు. "మొదట్నించీ ఇదే చెప్తన్నానండి" అంది. బయట వరండాలో మరిది ఆమె మొహం మీదే ఉమ్మినంత పని చేశాడు. ఆమె చెప్పులు వేసుకుని ఒక్కతే ఆటో స్టాండు వైపు నడిచింది. నేను ఆ ఆదివారం పదో ఆజ్ఞ, పక్కవాడి సొమ్ము ఆశించకూడదన్నది, చెప్పాను. ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

కొన్నాళ్ళకి కేసు కొట్టేశారు. బండి నడిపింది ఇతనేనని రుజువు కాలేదన్నారు. ఆమె నిజం చెప్పడం వల్ల అబద్ధం చెప్పినవాడు విడుదలయ్యాడు. మా సంఘం ఆనందానికి అవధుల్లేవు. దేవుడు అద్భుతం చేశాడని కృతజ్ఞతా కూడిక పెట్టారు. చర్చి ముందు షామియానా, వంటవాళ్ళు, బిర్యానీ. వాక్యం చెప్పమని నన్నే అడిగారు. చెప్పనన్నాను. అయితే ఆశీర్వాదమన్నా ఇవ్వండి అన్నారు. చూద్దాం అన్నాను.

సాక్ష్యాల సమయం వచ్చింది. మా కూడికల్లో దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. అన్న లేచి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత తలుపు పక్క నుంచి తమ్ముడు లేచి వచ్చి మైకు అందుకున్నాడు. అన్న కేసులోంచి బయటపడ్డాడు, ఇక అతన్ని ఆపేది ఏమీ లేదు.

"బండి నడిపింది మా అన్న కాదు. నేనే. కీసర దగ్గర ఆ మనిషిని చంపింది నేనే. ఆయన భార్య చెప్పింది నిజం" అన్నాడు.

అంతవరకే వినపడింది. సంఘ పెద్ద కీబోర్డు వైపు చెయ్యి ఊపాడు. పాట అందుకున్నారు. ముందు రెండు వరసలు, తర్వాత అందరూ. అతని నోరు కదులుతూనే ఉంది. చప్పట్లు పెరిగాయి. ఎవరో వెళ్ళి మైకు తీగ పీకారు. ముసలమ్మలు కళ్ళు మూసుకుని చేతులెత్తి పాడుతున్నారు. వాళ్ళకి తెలుసో తెలియదో, ఈనాటికీ నాకు తెలియదు. నా ఉద్యోగ జీవితంలో స్తోత్ర గీతం వింటే వణుకు పుట్టింది ఆ ఒక్కరోజే. అన్న మాత్రం పాడలేదు. డోలక్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను ఆశీర్వాదం ఇవ్వలేదు. పాట అయ్యాక సంఘ పెద్ద నా వైపు చూశాడు, నేను లేవలేదు. ఆయనే ఆమెన్ అన్నాడు, జనం విస్తళ్ళ దగ్గరికి పోయారు. ఆ ఏడాది ఆఖరుకి నన్ను అక్కణ్ణుంచి మార్చేశారు. ఆయన నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటే కోపం సగమే వస్తుంది, ఆస్పత్రిలో నాతో కూర్చున్న రాత్రులు అడ్డమొస్తాయి.

ఆ కూడిక రోజే, తమ్ముడు గేటు దగ్గర నిలబడి ఉంటే బండి వెనక ఎక్కించుకున్నాను. ఎక్కడికని నేను అడగలేదు, అతను చెప్పలేదు. నందిగామ మసీదు వెనక సందులో దిగాం. ఆమె కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. అతన్ని చూడగానే గుర్తుపట్టింది. లేవలేదు. మిషను మీంచి చెయ్యి తియ్యలేదు.

అతను గడప బయటే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. "అమ్మా, నేనే అమ్మా. మీ ఆయన్ని…" అని ఆగిపోయాడు.

ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"నాకెందుకు చెప్తన్నావు? నేను చూశాగా. చూడనోళ్ళకి చెప్పు" అంది.

అతను లేచాడు. సందు చివర ఆటో స్టాండు, టీ కొట్టు. సాయంత్రం బేరాల వేళ, పదిహేను ఇరవైమంది ఉంటారు. ఆమె మరిది కూడా అక్కడే ఉన్నాడు. అతను టీ కొట్టు అరుగు పక్కన నిలబడి, తన పేరు, ఊరు, ఆరోజు ఏం జరిగింది, ఎవరు ఎవరి బదులు పోయారు, మొత్తం చెప్పాడు. ఇద్దరు లేచి కొట్టారు. నేను అడ్డం పోబోతే వద్దని చెయ్యి చూపించాడు. పెదవి పగిలింది. ఆగి, మిగిలింది చెప్పాడు. తర్వాత స్టేషన్‌కి పోతే కేసు అయిపోయింది పొమ్మన్నారు. మర్నాడు వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు. అదంతా ఇంకో కథ, దాని ఫలితం కూడా పెద్దగా ఏమీ లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఆ సాయంత్రం గురించే. అతను చెప్పడం అయ్యాక ఒక ముసలాయన, టోపీ పెట్టుకున్నాయన, టీ గ్లాసు కింద పెట్టి సందులోకి నడిచాడు. ఆమె గడప ముందు ఆగాడు. రెండేళ్ళుగా ఆ గడప ముందు నుంచి మొహం తిప్పుకుని పోయినవాళ్ళలో ఆయనా ఒకడట.

"అమ్మా, నువ్వు చెప్పింది నిజమేనమ్మా" అన్నాడు.

ఆమె తలుపు వేసుకుంది. భర్త శవం ముందు కూడా ఏడవలేదని సందులో అందరూ ఆడిపోసుకున్న మనిషి. లోపల్నించి ఆమె ఏడుపు మాకు టీ కొట్టు దాకా వినపడింది.